ఎవరు చేయగలరు, ఎప్పటిలోగా చేయాలి: ఫిర్యాదులను వరుసలో నిలిపే నియమాలు

(ఫిర్యాదుల విభాగాలను నడిపేవారి సమావేశంలో చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం.

ఒక ఫిర్యాదుతో మొదలుపెడతాను. నేను కొన్నేళ్లపాటు పనిచేసిన ఒక చెల్లింపుల సంస్థలో, ఒక సోమవారం ఉదయం 9 గంటలకు, ఈ సందేశం ఎవరూ జవాబివ్వకుండా మిగిలి ఉండగా మా కంట పడింది:

`naa account lo dabbulu cut ayyayi kani avatala vallaki cheraledu`

దీన్ని ఆ ఖాతాదారు ఆదివారం సాయంత్రం 7 గంటలకు పంపారు. అంటే 14 గంటలు గడిచిపోయాయి. ఆ 14 గంటల్లో మా విభాగంలో తెలుగు తెలిసినవారు ఉన్నారు, చెల్లింపుల వివాదాలను పరిష్కరించగలిగినవారూ ఉన్నారు, అర్ధరాత్రి దాటాక వారిలో కొందరు చేతిలో పని లేకుండానే కూర్చున్నారు. అయినా ఈ ఫిర్యాదు నమోదైన టికెట్ వారిలో ఒక్కరి తెర మీదికీ రాలేదు. టికెట్లను పంచే నియమాలు రాసినవారిలో నేనూ ఒకణ్ణి కాబట్టి, అది ఎందుకు రాలేదో వెతకడం నా వంతయింది. ఆ వెతుకులాటలో తెలుసుకున్నవే ఈ రోజు మీతో పంచుకుంటున్నాను.

ముందుగా ఆ నియమాల స్వరూపం చూద్దాం. ఉద్యోగి చేతిలోని పని ముగించి తదుపరి టికెట్ కోసం మీట నొక్కగానే డేటాబేస్‌కు ఒక ప్రశ్న వెళుతుంది. మా దగ్గర అది ఇంచుమించు ఇలా ఉండేది:

```sql
SELECT id FROM tickets
WHERE status = 'waiting'
  AND lang = ANY(:my_langs)
  AND needs <@ :my_skills
ORDER BY priority, created_at
LIMIT 1
FOR UPDATE SKIP LOCKED;
```

ఇది పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ భాష. ఎంత పెద్ద ఉపకరణం కొనుక్కున్నా, రంగురంగుల పెట్టెల్లో నియమాలు అమర్చుకున్నా, లోపల జరిగేది ఎక్కువగా ఇదే. `lang` ఉన్న పంక్తి ఈ టికెట్ భాష ఈ ఉద్యోగికి తెలిసిన భాషల్లో ఉందా అని చూస్తుంది. `needs` ఉన్న పంక్తి టికెట్‌కు కావలసిన నైపుణ్యాలన్నీ ఈ ఉద్యోగి దగ్గర ఉన్నాయా అని చూస్తుంది. ఈ రెండూ వడపోతలు. దాటితే లోపలికి, లేకుంటే బయటికి, మధ్యస్థంగా ఏమీ ఉండదు. `ORDER BY` మాత్రం వడపోత కాదు, క్రమం. లోపలికి వచ్చిన వాటిలో ముందేది, వెనకేది అన్నదే అది చెబుతుంది. చివరి పంక్తి, ఇద్దరు ఉద్యోగులు ఒకే క్షణంలో మీట నొక్కినా ఇద్దరికీ ఒకే టికెట్ వెళ్లకుండా, ఒకరు పట్టుకున్న దాన్ని రెండోవారు దాటుకుని తర్వాతి దాన్ని తీసుకునేలా చూస్తుంది.

నైపుణ్యం, భాష, ప్రాధాన్యం అని మూడింటినీ ఒకే ఊపిరిలో చెప్పుకోవడం మనకు అలవాటు. నా అనుభవంలో చిక్కులన్నీ అక్కడే పుట్టాయి. మొదటి రెండూ ఎవరు చేయగలరు అనే ప్రశ్నకు జవాబులు, మూడోది ఎప్పటిలోగా చేయాలి అనే ప్రశ్నకు జవాబు. వడపోత తప్పితే టికెట్ ఆలస్యం కాదు, కనబడకుండానే పోతుంది. దానికి ఎంత పెద్ద ప్రాధాన్యం తగిలించినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే ఎవరి వరుసలోనూ లేని దాన్ని ముందుకు జరపడానికి చోటే లేదు.

మా టికెట్‌కు జరిగింది ఇదే. సందేశం రోమన్ లిపిలో ఉంది కనుక భాషను గుర్తించే నియమం దానికి `en` అని ముద్ర వేసింది. ఇంగ్లీషు టికెట్లు చూసే, తెలుగు రాని ఒక ఉద్యోగి దాన్ని తెరిచి, ఇది తెలుగు అయి ఉండవచ్చని సరిగ్గానే ఊహించి, భాషల జాబితాలోంచి తెలుగును ఎంచి తిరిగి వరుసలోకి పంపారు. ఆ జాబితా టికెట్ మీద రాసిన సంకేతం `te-IN`. ఉద్యోగుల వివరాల్లో మాత్రం మేము ఏనాడో `te` అని రాసుకున్నాం. మనిషికి రెండూ తెలుగే. సమానమా కాదా అని అక్షరం అక్షరం పోల్చే నియమానికి మాత్రం అవి రెండు వేరు భాషలు. ఆ క్షణం నుంచి మా సంస్థలో `te-IN` తెలిసినవారు ఒక్కరూ లేరు.

అందుకని భాష గురించి కాస్త నిదానంగా మాట్లాడతాను, ఎందుకంటే తెలుగువారికి సేవలందించే ఏ విభాగంలోనైనా మొదట చెడేది ఇదే. తెలుగు లిపిలో రాసిన సందేశాన్ని గుర్తించడం సులువు. యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకు `U+0C00` నుంచి `U+0C7F` దాకా సొంత చోటు ఉంది. కన్నడ లిపి మన కంటికి ఎంత దగ్గరగా కనిపించినా దాని చోటు ఆ తర్వాతది, కాబట్టి యంత్రం ఈ రెండింటినీ కలగలపదు. అలాగని లిపిని బట్టి భాష ఎప్పుడూ తేలుతుందని కాదు. దేవనాగరిలో రాసింది హిందీ కావచ్చు, మరాఠీ కావచ్చు. ఫోనులో ఎంచుకున్న భాషను నమ్ముకుందామా అంటే, ఫోనంతా ఇంగ్లీషులో పెట్టుకుని సందేశం తెలుగులో రాసేవారు మనలో ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు.

రోమన్ లిపిలో రాసిన తెలుగే అసలు కష్టం. పది మాటలు మించని సందేశంలో `account`, `cut` లాంటి ఇంగ్లీషు మాటలు కలిసి ఉంటే, భాషను గుర్తించే సాధనాలు తడబడతాయి. మేము చేసిన ఏర్పాటు చాలా సాదాది. `ledu`, `kani`, `naaku`, `enduku`, `cheyyandi` వంటి కొన్ని పదుల మాటల జాబితా తయారుచేసి, వాటిలో రెండు కనబడితే తెలుగుగా ముద్ర వేయమన్నాం. రెండు ఎందుకంటే ఒక్క మాటను నమ్మలేం. `pani` అన్నది తెలుగులో పని, హిందీలో నీళ్లు. ఆ జాబితాకూ దొరకని సందేశాలకు ఊహించి ముద్ర వేయడం మానేసి, భాష తెలియదు అనే ప్రత్యేక విలువ ఇచ్చాం. తెలియని దాన్ని `en` అని రాయడం కంటే తెలియదని రాయడం ఎంతో క్షేమం, ఎందుకంటే అలా ముద్ర పడిన వాటిని చదివి సర్దడానికి ఒక మనిషిని కేటాయించవచ్చు.

ఉద్యోగి వైపు కూడా భాష ఒక్క గడిలో ఇమిడేది కాదు. చెన్నైలోనో పుణెలోనో పెరిగిన తెలుగువారు ఫోనులో చక్కగా మాట్లాడతారు, కాని తెలుగు అక్షరాలు చదవలేకపోవచ్చు. అటువంటివారి వివరాల్లో తెలుగు వచ్చు అని మాత్రమే ఉంటే తెలుగు లిపిలోని ఉత్తరం వారికి వెళుతుంది, వారు దాన్ని ఎవరికో చూపించి చదివించుకోవాలి. మేము చివరికి మాట్లాడటం, చదవడం, రాయడం అని మూడు విడివిడి గడులు పెట్టాం. ఫోనుకు మొదటిది చాలు, ఉత్తరానికి మిగిలిన రెండూ కావాలి.

ఇప్పుడు నైపుణ్యం. ఇక్కడ నేను గట్టిగా నమ్మే మాట ఒకటుంది: నైపుణ్యం వేరు, అధికారం వేరు, ఈ రెండింటినీ ఒకే గడిలో రాయకూడదు. చెల్లింపు ఎక్కడ ఆగిందో లావాదేవీ వివరాలు చదివి చెప్పగలగడం నైపుణ్యం. ఖాతాను స్తంభింపజేయడం, సొమ్ము తిరిగి జమచేయమని ఆదేశించడం అధికారం. ఈ తేడా ఎందుకు ముఖ్యమో చెప్పాలంటే నియమాలను సడలించడం గురించి చెప్పాలి.

రాత్రి షిఫ్టులో తెలుగు చదవగలిగి, వివాదాలు పరిష్కరించగలిగినవారు మాకు ఇద్దరే ఉండేవారు. ఒకరు సెలవు పెడితే మిగిలింది ఒకరు. ఆ ఒక్కరూ భోజనానికి వెళ్తే, `te-IN` గొడవ లేకపోయినా, ఆ సమయంలో వచ్చిన టికెట్‌కు వడపోత దాటే మనిషి ఉండరు. దీనికి మందు, టికెట్ ఎంతసేపు ఆగిందో దాన్నిబట్టి వడపోతను దశలవారీగా వదులు చేయడం. వివాదాల టికెట్లకు మేము పెట్టుకున్న దశలు చెబుతాను. మొదటి 10 నిమిషాలు తెలుగూ వివాదాల నైపుణ్యమూ రెండూ ఉన్నవారికే. ఆ తర్వాత తెలుగు చదవగలిగిన ఏ ఉద్యోగికైనా వెళుతుంది. ఆ ఉద్యోగి ఖాతాదారుతో మాట్లాడి, లావాదేవీ సంఖ్య, తేదీ, మొత్తం సేకరించి, తెలుగు రాని వివాదాల నిపుణుడికి ఇంగ్లీషులో రాసి పంపుతారు. 30 నిమిషాలు దాటితే షిఫ్టు పర్యవేక్షకుల తెర మీదికి వస్తుంది.

ముందు భాషను సడలించాలా, నైపుణ్యాన్ని సడలించాలా అన్నది టికెట్ రకాన్ని బట్టి మారుతుంది. డబ్బు పోయి ఆందోళనలో ఉన్న మనిషికి తన భాషలో ఒకరు పలకడమే మొదటి అవసరం కనుక ఇక్కడ నైపుణ్యాన్ని ముందు వదిలాం. అదే వ్యాపారుల యంత్రాల సాంకేతిక లోపాల విషయంలో భాషను ముందు వదిలాం, ఎందుకంటే అక్కడ చాలామంది ఇంగ్లీషులో నెట్టుకురాగలరు, సగం తెలిసిన సలహా మాత్రం నష్టం చేస్తుంది. అధికారాన్ని మాత్రం ఏ దశలోనూ, ఎంతసేపు ఆగినా సడలించకూడదు. ఖాతా స్తంభింపజేసే అధికారాన్ని నైపుణ్యాల జాబితాలోనే కలిపి రాసి ఉంటే, 10 నిమిషాలు దాటగానే ఆ టికెట్ అధికారం లేని మనిషి దగ్గరికి వెళ్లి, అక్కడే చిక్కుకుంటుంది. వరుస దృష్టిలో అది ఎవరో తీసుకున్న టికెట్, ఖాతాదారు దృష్టిలో ఇంకా ఆగి ఉన్న టికెట్.

ఈ దశల గడియారాన్ని ఎవరు నడుపుతున్నారో కూడా చూసుకోవాలి. టికెట్ మారినప్పుడు మాత్రమే నడిచే నియమాలు ఉంటాయి, గడియారాన్ని బట్టి నడిచేవి వేరే ఉంటాయి. జెన్‌డెస్క్ అనే టికెట్ల సాఫ్ట్‌వేరులో కాలాన్ని బట్టి నడిచే నియమాలు గంటకొకసారి నడుస్తాయి. అక్కడ 2 గంటలు దాటితే పైకి పంపు అని రాస్తే, ఆ టికెట్ నిజంగా కదిలేసరికి దాదాపు 3 గంటలు కావచ్చు. నియమంలో 10 నిమిషాలు అని రాసి, దాన్ని గంటకోసారి నడిచే యంత్రానికి అప్పజెబితే ఆ 10కి అర్థం ఉండదు.

ఇక ప్రాధాన్యం. దాన్ని ఖాతాదారు చేత ఎంపిక చేయిస్తే అందరూ అత్యవసరమే ఎంచుకుంటారు. డబ్బు ఆగిపోయినవారిని అందుకు తప్పుపట్టలేం. ఉద్యోగుల చేత వేయిస్తే మనిషికో తీరుగా ఉంటుంది. మేము మొదట టికెట్ రకాన్ని బట్టి 1, 2, 3 అని ముద్రలు వేశాం. వ్యక్తి నుంచి వ్యక్తికి వెళ్లాల్సిన సొమ్ము ఆగిపోతే 1, దుకాణానికి చెల్లించింది ఆగిపోతే 2, మిగతా వాకబులు 3. వివాదాల బల్ల గంటకు 6 టికెట్లు తేల్చగలిగేది. ఉదయం 10 నుంచి 1 దాకా ఒకటో ముద్రవే గంటకు 6, 7 వచ్చేవి. అంటే ఆ మూడు గంటలూ రెండో ముద్ర టికెట్ ఒక్కటి కూడా కదిలేది కాదు, మధ్యాహ్నం దాటాక కూడా ముందు పేరుకుపోయిన ఒకటో ముద్రవే తెమలాలి. ముద్ర మారదు, కాలం మారుతుంది; తేడా అక్కడ వస్తుంది.

దీన్ని సరిచేయడానికి మాకు దారి చూపింది బయట ఉన్న ఒక నిబంధన. భారతీయ రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో విఫల లావాదేవీల గడువులపై ఉత్తర్వు ఇచ్చింది. యూపీఐ ద్వారా ఒకరి ఖాతాలోంచి సొమ్ము పోయి, అవతలి వ్యక్తి ఖాతాలో జమ కాకపోతే, లావాదేవీ జరిగిన మర్నాటిలోగా అది తిరిగి రావాలి. దుకాణానికి చెల్లించినప్పుడు సొమ్ము పోయి, దుకాణదారుకు నిర్ధారణ అందకపోతే 5 రోజుల్లోగా తిరిగి రావాలి. గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున ఖాతాదారుకు పరిహారం చెల్లించాలి. ఈ నిబంధనతో ప్రాధాన్యం ఊహ కాకుండా లెక్క అవుతుంది. టికెట్ మీద 1, 2 అని రాయడం మానేసి, `due_at` అనే గడిలో గడువు సమయమే రాసుకున్నాం.

ఒక సోమవారం ఉదయం రెండు టికెట్లు వరుసలో ఉన్నాయనుకోండి. మొదటిది ఆ రోజే 9 గంటలకు ఒక వ్యక్తికి పంపిన సొమ్ము గురించి. దాని గడువు మంగళవారం. రెండోది గత బుధవారం ఒక దుకాణంలో చెల్లించిన దాని గురించి. దాని 5 రోజుల గడువు ఈ సోమవారంతోనే ముగుస్తుంది. పాత ముద్రల ప్రకారం మొదటిది ముందు, ఎందుకంటే అది 1, ఇది 2. గడువు ప్రకారం రెండోది ముందు, అదే న్యాయం. వెనకబడిన టికెట్ తనంతట తానే ముందుకు జరుగుతూ ఉంటుంది కనుక పాతవాటి వయసు చూసి ప్రాధాన్యం పెంచే ప్రత్యేక నియమం కూడా అక్కర్లేదు. ప్రశ్నలో మారింది ఒక్క పంక్తి:

```sql
ORDER BY lane, due_at
```

ఈ `lane` ఎందుకో చెప్పాలి. గడువు వరుసకు ఒక బలహీనత ఉంది. పని సామర్థ్యాన్ని మించి వచ్చిన రోజున ఉద్యోగులంతా గడువు దాటిపోయిన వాటి వెంట పరుగెత్తుతూ, ఇంకా కాపాడగలిగిన వాటినీ ఒకదాని తర్వాత ఒకటి గడువు దాటిస్తారు. మోసగాళ్లు ఈ నిమిషంలో ఖాతాలోంచి డబ్బు లాగుతున్నారన్న ఫిర్యాదు అటువంటి రోజున కూడా ఆగకూడదు. అందుకని వాటిని మాత్రం విడి బాటలో పెట్టి, మిగతా అన్నిటినీ ఒకే బాటలో గడువు ప్రకారం నడిపాం. మూడో బాట కావాలని చాలా విభాగాలు అడిగాయి. ఒప్పుకోలేదు. బాటలు పెరిగితే మళ్లీ పాత ముద్రల దగ్గరికే చేరుకుంటాం.

ఇక్కడ చాలామంది అడిగే ప్రశ్న, భాషకొకటి, నైపుణ్యానికొకటి చొప్పున విడివిడి వరుసలు పెట్టుకుంటే సులువు కదా అని. నాలుగు భాషలు, ఐదు నైపుణ్యాలు అనుకుంటే 20 వరుసలు అవుతాయి. 40 మంది ఉద్యోగులుంటే వరుసకు ఇద్దరు. దీని నష్టాన్ని టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం డెన్మార్క్ ఇంజనీరు ఎర్లాంగ్ ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ఇచ్చిన సూత్రాలతో లెక్కకట్టవచ్చు. ఒక్కో టికెట్‌కు సగటున 10 నిమిషాలు పడుతుందనీ, టికెట్లు ఏ క్రమమూ లేకుండా వస్తాయనీ అనుకుందాం. 5 మంది ఉన్న బల్లకు గంటకు 24 టికెట్లు వస్తే, సగటు నిరీక్షణ సుమారు ఐదున్నర నిమిషాలు. అటువంటి రెండు బల్లలను కలిపి 10 మందికి గంటకు 48 టికెట్లు ఇస్తే, మనుషులూ పనీ అదే నిష్పత్తిలో ఉన్నా, సగటు నిరీక్షణ సుమారు 2 నిమిషాలకు పడిపోతుంది. విడదీసినప్పుడు ఒక బల్ల దగ్గర టికెట్ ఆగి ఉండగా పక్క బల్ల దగ్గర మనిషి ఖాళీగా కూర్చుంటారు, అంతే. కాబట్టి వరుస ఒకటే ఉండాలి, భాషా నైపుణ్యమూ టికెట్ మీద లక్షణాలుగా ఉండాలి.

అలాగని ప్రతి ఉద్యోగికీ అన్నీ నేర్పించనక్కర్లేదు. వాలెస్, విట్ అనే ఇద్దరు పరిశోధకులు 2005లో చూపించినదాని ప్రకారం, ఒక్కొక్కరికి రెండేసి నైపుణ్యాలుండి వాటిని సరిగా అల్లుకుంటే, అందరికీ అన్నీ వచ్చినప్పటి ఫలితానికి చాలా దగ్గరగా వస్తుంది. కాని రెండు వచ్చిన మనిషిని కాపాడుకోవాలి. తెలుగూ వివాదాలూ వచ్చిన ఉద్యోగికి ఇంగ్లీషు వాకబు టికెట్ వెళ్లిపోతే, మరుక్షణం వచ్చిన తెలుగు వివాదానికి ఎవరూ ఉండరు. అస్టరిస్క్ అనే టెలిఫోను సాఫ్ట్‌వేరులో దీనికి `penalty` అనే అంకె ఉంది. తక్కువ అంకె ఉన్నవారు ఖాళీగా ఉన్నంతవరకు ఎక్కువ అంకె ఉన్నవారికి కాల్ వెళ్లదు. టికెట్లలోనూ ఆ ఏర్పాటే కావాలి.

చివరగా, మొదటి టికెట్ దగ్గరికి తిరిగి వస్తాను. ఆ సోమవారం ఉదయం మా నివేదికలో సగటు నిరీక్షణ మామూలుగానే ఉంది. ఎందుకంటే ఆ సగటును జవాబు అందిన టికెట్ల మీద లెక్కిస్తాం, ఎవరికీ కనబడని టికెట్ ఆ లెక్కలోకే రాదు. అది ఎంత ఎక్కువసేపు ఆగితే సగటుకు అంత దూరంగా ఉంటుంది. ఆ తర్వాత మేము రెండు అంకెలు చూడటం మొదలుపెట్టాం. ఒకటి, ఇంకా వరుసలో ఉన్న అత్యంత పాత టికెట్ వయసు. రెండోది, ప్రస్తుత షిఫ్టులో ఉన్న ఏ ఒక్కరి వడపోతనూ దాటలేని టికెట్ల సంఖ్య. ఈ రెండోది ఎప్పుడూ సున్నా ఉండాలి. 5 నిమిషాలకోసారి లెక్కించి, సున్నా కాకపోతే పర్యవేక్షకుల ఫోనుకు సందేశం పంపాలి.

తెలుగుకు వచ్చే సంకేతాలన్నిటినీ టికెట్ లోపలికి వచ్చే గుమ్మం దగ్గరే `te` గా మార్చేసే నియమం కూడా రాశాం. దాన్ని అమల్లో పెట్టే ముందు, గడచిన నెల టికెట్లన్నిటినీ పాత నియమాల గుండా, కొత్త నియమాల గుండా మళ్లీ నడిపి, వేరే మనిషికి వెళ్లే వాటిని మాత్రం బయటికి తీసి ఒక్కొక్కటిగా చదివాం. ఆ జాబితాలో `te-IN` టికెట్లు మేమనుకున్నట్టు ఒక్కటి కాదు, ఇంకొన్ని ఉన్నాయి. వాటిని రాత్రుళ్లు ఎవరో ఒకరు చేత్తో వెతికి తీసుకుని పరిష్కరించారు కాబట్టి మాకు తెలియలేదు. మా ఆదివారం టికెట్ గడువు సోమవారంతో ముగియాల్సి ఉండగా, ఆ మధ్యాహ్నమే సొమ్ము తిరిగి జమ అయింది.

ప్రశ్నలుంటే ఇప్పుడు తీసుకుంటాను.